సొంత వ్యాపారమా, భాగస్వామ్యమా, ప్రైవేట్ కంపెనీయా: ప్లాన్‌లో లెక్క కట్టి తేల్చుకోవడం ఎలా

బిజినెస్ ప్లాన్లు చదివే పనిలో నాకు తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "బాధ్యత పరిమితంగా ఉంటుంది, పన్ను కలిసొస్తుంది కాబట్టి ప్రైవేట్ కంపెనీగా నమోదు చేస్తాం." ఆ పక్క పేజీలోనే బ్యాంకు అప్పుకు యజమానులిద్దరూ సొంత హామీ ఇస్తారని రాసి ఉంటుంది. ఇంకో రెండు పేజీలు తిప్పితే లాభమంతా ఏటా ఇంటికి తీసుకుపోయేటట్టు లెక్క ఉంటుంది. హామీ ఇస్తే ఆ అప్పు వరకు బాధ్యత పరిమితం కాదు. లాభమంతా ఇంటికి తీసుకెళ్తే చాలా చోట్ల కంపెనీకే పన్ను ఎక్కువ పడుతుంది. అంటే ఆ వాక్యంలోని రెండు కారణాలనూ అదే ప్లాన్ కొట్టేస్తోంది.

సంస్థ రూపాన్ని మంచిచెడ్డల జాబితా చూసి ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. మన ప్లాన్‌లో ఉన్న అంకెల నుంచే అది తేలాలి. అందుకు మూడు ప్రశ్నలు చాలు. పని చెడితే బయటివాళ్లకు ఎంత బాకీ మిగులుతుంది? వచ్చిన లాభంలో ఎంత వ్యాపారంలోనే ఉంచుతాం? యజమానులు ఎందరు, ఎవరి దగ్గర ఏముంది? ఒక ఉదాహరణ పట్టుకుని ఈ మూడింటికీ జవాబులు కట్టి, ఆ జవాబును ప్లాన్‌లో ఎలా రాయాలో చూద్దాం.

ఉదాహరణ

చిన్ననాటి స్నేహితులు ఇద్దరు ఇళ్ల మీద, గోదాముల మీద సోలార్ ప్యానెళ్లు బిగించే వ్యాపారం పెడుతున్నారు. ఒకరు ఎలక్ట్రికల్ ఇంజినీరు. పని తెలుసు గానీ చేతిలో డబ్బు తక్కువ. రెండో అతను ఉద్యోగి. మంచి జీతం, సొంత ఇల్లు ఉన్నాయి. ఉద్యోగం మానడు, డబ్బు పెడతాడు. "పని నీది, డబ్బు నాది, లాభం చెరి సగం. మన మధ్య కాగితాలెందుకురా" అన్నది అతని మాట.

అంకెలన్నీ లక్షల్లో అనుకుందాం. ఏ దేశపు డబ్బు అన్నదానితో ఇక్కడ పనిలేదు, పద్ధతి ఒకటే. ఉద్యోగి 30, ఇంజినీరు 5 పెడతారు. బ్యాంకు అప్పు 20. మొదటి ఏడాది 6 నష్టం వస్తుందని, మూడో ఏటికి ఇంజినీరు జీతం లెక్కలోకి తీసుకోకముందు 30 లాభం వస్తుందని వాళ్ల అంచనా. ఇంజినీరుకు కుటుంబం గడవడానికి ఏడాదికి 8 కావాలి.

మొదటి అడుగు: మూడు రూపాల మధ్య అసలు తేడా గుర్తుపెట్టుకోవడం

సొంత వ్యాపారంలో వ్యాపారానికి విడిగా ఉనికి లేదు. బోర్డు మీద ఏ పేరున్నా చట్టం దృష్టిలో ఆ మనిషే వ్యాపారం. షాపు బాకీ, ఇంటి బాకీ అనే తేడా ఉండదు. దీని వల్లే ఇంకొకటి కూడా వస్తుంది: యజమాని తనకు తానే జీతం ఇచ్చుకోలేడు. నెలనెలా తీసుకునేది ఖర్చు కాదు, తన లాభంలోంచి ముందుగా వాడుకోవడమే. ప్లాన్‌లో "యజమాని జీతం" అని ఖర్చుగా చూపించి లాభం తగ్గించి, ఆ తగ్గిన లాభం మీద పన్ను కడితే లెక్క తప్పు.

భాగస్వామ్యంలో పై సంగతికి ఇంకో మెలిక చేరుతుంది. వ్యాపారం మామూలుగా నడిచే తీరులో ఒక భాగస్వామి చేసిన పనికి, చేసుకున్న ఒప్పందానికి మిగతా అందరూ కట్టుబడతారు. సంస్థ ఆస్తి సరిపోకపోతే బాకీ రావాల్సినవాడు మొత్తం బాకీని ఏ ఒక్క భాగస్వామి నుంచైనా రాబట్టుకోవచ్చు. నీది సగం వాటాయే కదా అని సగం దగ్గర ఆగనక్కర్లేదు. కట్టినవాడు తర్వాత తోటి భాగస్వామిని అడుక్కోవాలి. ఇవ్వగలిగితే ఇస్తాడు.

కాగితం లేకపోతే ఏమవుతుందో ఆ ఉద్యోగి స్నేహితుడు తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 1890 నాటి భాగస్వామ్య చట్టం, భారత్‌లో 1932 నాటి చట్టం ఈ విషయంలో ఒకే మాట చెబుతాయి. విడిగా ఒప్పందం లేకపోతే, ఎవరు ఎంత పెట్టుబడి పెట్టినా లాభనష్టాలు అందరికీ సమానం. పని చేసినందుకు భాగస్వామికి జీతం రాదు. అంటే రాత్రింబవళ్లు పైకప్పుల మీద ఉండే ఇంజినీరుకు ఆ 8 అడిగే హక్కు ఉండదు. 30 పెట్టిన అతనూ 5 పెట్టిన అతనూ నష్టంలో చెరి సగం మోయాలి. నోటిమాట భాగస్వామ్యం చెల్లదని కాదు, చెల్లుతుంది. మనం అనుకోని షరతులతో చెల్లుతుంది, అదీ చిక్కు.

కంపెనీ అయితే చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. బ్రిటన్‌లో ఆరన్ సాలమన్ అనే బూట్ల తయారీదారు 1892లో తన సొంత వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. 20,007 షేర్లలో భార్యకు, అయిదుగురు పిల్లలకు ఒక్కొక్కటి చొప్పున ఇచ్చి మిగతావి తన దగ్గరే ఉంచుకున్నాడు. వ్యాపారం అమ్మిన డబ్బులో 10,000 పౌండ్లను కంపెనీకి ఆస్తి హామీ మీద ఇచ్చిన అప్పుగా రాయించుకున్నాడు. కొద్దికాలానికే కంపెనీ మునిగిపోయింది. కంపెనీ అంటే సాలమనే కదా, బాకీలు ఆయనే తీర్చాలని, మూతపడ్డ కంపెనీ ఆస్తులమ్మి బాకీలు తీర్చే లిక్విడేటర్ కంపెనీ తరఫున వాదించాడు. 1896లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. కంపెనీ వేరు, సాలమన్ వేరు అంది. ఆస్తి హామీ మీద ఆయన ఇచ్చిన అప్పుకు కూడా మామూలుగా అప్పులిచ్చినవాళ్ల కంటే ముందు వరస దక్కింది.

పరిమిత బాధ్యత అనే మాటకు ఈనాటికీ పునాది ఆ తీర్పే. అయితే అప్పులిచ్చేవాళ్లకు కూడా ఆ పాఠం బాగా తెలుసు. అందుకే కొత్త కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకు డైరెక్టర్ల సొంత హామీ అడుగుతుంది.

రెండో అడుగు: చెడ్డ రోజు లెక్క

ప్లాన్‌లో అందరూ మంచి రోజు లెక్క వేస్తారు. సంస్థ రూపం తేలాలంటే వ్యాపారం మూతపడే రోజు లెక్క కావాలి. ఒక కాగితం తీసుకుని, ఆ రోజున ఎవరెవరికి ఎంత ఇవ్వాల్సి ఉంటుందో రాయండి. ఏడాదిలో బాకీలు ఎక్కువగా ఉండే నెలను ఎంచుకోవాలి, సగటు నెలను కాదు.

మన ఉదాహరణలో బ్యాంకుకు 20. ప్యానెళ్లు అరువిచ్చిన సరఫరాదారులకు 15. బిగింపు కోసం అడ్వాన్సులిచ్చి ఎదురుచూస్తున్న కస్టమర్లకు 10. ఇక ప్రమాదం. వైరింగ్ లోపం వల్ల ఒక గోదాములో మంటలు రేగి 60 నష్టం జరిగిందనుకుందాం. ఇన్సూరెన్స్ గరిష్ఠంగా 40 ఇస్తుంది, అందులోనూ మొదటి 2 మనమే పెట్టుకోవాలి. అంటే మనమీద పడేది 22. మొత్తం బాకీ 67.

దీనికి ఎదురుగా, ఆ రోజున స్టాకు, పనిముట్లు, వ్యాను అమ్మితే ఎంత వస్తుంది? కొన్న ధర రాయకండి. తొందరలో అమ్మితే వచ్చేది రాయండి. 25 అనుకుందాం. లోటు 42.

ఈ 42 ఎవరి మీద పడుతుందన్నదే అసలు ప్రశ్న.

భాగస్వామ్యమైతే బాకీ రావాల్సినవాళ్లు సొంత ఇల్లున్న ఉద్యోగి దగ్గరికే వస్తారు. అతను 30 పెట్టుబడి ముందే పోగొట్టుకున్నాడు, ఇప్పుడు ఇంకో 42 కట్టాలి. అందులో సగం, 21, ఇంజినీరు ఇవ్వాలి గానీ అతని దగ్గర లేదు. ఆ వైరింగ్ పెట్టింది ఉద్యోగి కాదు, ఆ గోదాము ఎక్కడుందో కూడా అతనికి తెలియకపోవచ్చు. అయినా అంతే.

కంపెనీ అయితే సరఫరాదారులు, కస్టమర్లు కంపెనీ ఆస్తిలో తమ వాటా తీసుకుని ఆగిపోవాలి. బ్యాంకు మాత్రం ఆగదు, హామీ పట్టుకుని వస్తుంది. ఎంతకు వస్తుందన్నది ఆస్తి మీద ఎవరికి మొదటి హక్కు ఉందో దాన్నిబట్టి మారుతుంది. స్టాకు, వ్యాను బ్యాంకుకు తాకట్టు ఉంటే వచ్చిన 25లోంచి బ్యాంకు ముందు తన 20 తీసుకుంటుంది, హామీ జోలికి రానవసరం ఉండదు. తాకట్టు లేకపోతే అందరికీ దామాషాలో, 67కి 25 చొప్పున పంచుతారు. బ్యాంకుకు దాదాపు 7.5 వస్తుంది, మిగిలిన 12.5 హామీదారు కట్టాలి. కాబట్టి కంపెనీగా ఉంటే సొంత ఆస్తి నుంచి పోయేది సున్నా నుంచి 12.5 వరకు. భాగస్వామ్యంలో 42. చాలా హామీ పత్రాల్లో బ్యాంకు ముందు ఆస్తి అమ్మక్కర్లేకుండా నేరుగా హామీదారునే అడగవచ్చని ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ ఒక్క షరతును నిదానంగా చదవాలి.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. కంపెనీ రూపం ఇద్దరినీ ఒకేలా కాపాడదు. వైరింగ్‌లో తప్పు చేసింది ఇంజినీరు స్వయంగా అయితే, తన సొంత నిర్లక్ష్యానికి అతని మీద విడిగా దావా వేసే వీలు చాలా దేశాల్లో ఉంటుంది. కంపెనీ వల్ల ఉద్యోగి ఈ 22 నుంచి బయటపడతాడు, ఇంజినీరు తప్పకుండా బయటపడతాడని చెప్పలేం. అతన్ని కాపాడేది ఇన్సూరెన్స్. పరిమితిని 40 నుంచి 62కి పెంచి, అతని పేరు కూడా పాలసీలో చేర్పిస్తే ప్రమాదపు భారం 22 నుంచి 2కి దిగుతుంది, మొత్తం లోటు 42 నుంచి 22 అవుతుంది. సంస్థ రూపం గురించి ఎంత టెన్షన్ పడతామో పాలసీ కాగితం గురించీ అంత పడాలని నేను గట్టిగా నమ్ముతాను.

పరిమిత బాధ్యత పోయే దారులు ఇంకొన్ని ఉన్నాయి. కంపెనీ పేరు లేకుండా సొంత పేరుతో ఒప్పందం మీద సంతకం పెట్టడం. కంపెనీ ఖాతానూ ఇంటి ఖాతానూ కలిపేసి వాడటం. ఉద్యోగుల జీతాల్లో కోసిన పన్ను ప్రభుత్వానికి కట్టకపోవడం. ఇక కంపెనీ తేరుకోదని తెలిసిన తర్వాత కూడా కొత్త అడ్వాన్సులు తీసుకుంటూ పోవడం. బ్రిటన్‌లో 1986 నాటి దివాలా చట్టం ఈ చివరిదానికి డైరెక్టర్ల చేత సొంత డబ్బు కట్టించే అధికారం కోర్టుకు ఇచ్చింది. వేరే దేశాల్లోనూ ఇలాంటి నిబంధనలున్నాయి.

మూడో అడుగు: పన్ను లెక్క

పన్ను లెక్కకు ముందు మీ దేశంలో ఒక విషయం కనుక్కోవాలి: ఎవరిని పట్టుకుని పన్ను వేస్తారు? సొంత వ్యాపారంలో సాధారణంగా లాభం యజమాని ఆదాయంలో కలిసిపోతుంది. భాగస్వామ్యం దగ్గర దారులు వేరవుతాయి. బ్రిటన్, అమెరికాల్లో మామూలు భాగస్వామ్యానికి లాభం మీద విడిగా ఆదాయ పన్ను లేదు, ఎవరి వాటా మీద వాళ్లు కడతారు. భారత్‌లో సంస్థే 30 శాతం చొప్పున పన్ను కడుతుంది, సర్‌చార్జీ, సెస్సు అదనం. ఆ తర్వాత భాగస్వామి లాభవాటా మీద మళ్లీ పన్ను పడదు. కంపెనీ అయితే ముందు కంపెనీ కడుతుంది, మిగిలిన లాభాన్ని డివిడెండ్‌గా వాటాదారులకు పంచినప్పుడు చాలా దేశాల్లో వాటాదారు మళ్లీ కడతాడు. సింగపూర్‌లో ఆ రెండో పన్ను లేదు. ఆస్ట్రేలియాలో 1987 నుంచి కంపెనీ కట్టినదాన్ని వాటాదారు లెక్కలో జమ చేస్తారు. ఎస్టోనియాలో లాభం పంచేదాకా కంపెనీకే పన్ను లేదు. అందుకే వేరే దేశపు సలహాను మన ప్లాన్‌లోకి ఎక్కించుకోకూడదు.

మన ఉదాహరణకు కొన్ని రేట్లు అనుకుందాం. మనిషి ఆదాయంలో మొదటి 5 మీద పన్ను లేదు. 5 నుంచి 15 వరకు 20 శాతం. ఆపైన 35 శాతం. కంపెనీకి 25 శాతం. డివిడెండ్ వాటాదారు ఆదాయంలో కలుస్తుంది. భాగస్వామ్యానికి ఎవరి వాటా మీద వాళ్లే కడతారు. ఉద్యోగికి తన ఉద్యోగం మీద ఇప్పటికే 20 ఆదాయం ఉంది.

మూడో ఏడాది లాభం 30. భాగస్వామ్యంలో ఒప్పందం ప్రకారం ఇంజినీరుకు ముందుగా 8, మిగిలిన 22 చెరి సగం. ఇంజినీరు ఆదాయం 19, దాని మీద పన్ను 3.4. ఉద్యోగికి వచ్చే 11 అంతా 35 శాతం స్లాబులో పడుతుంది, 3.85. మొత్తం 7.25. ఆ 11లో పైసా ఇంటికి తీసుకోకపోయినా ఉద్యోగి ఈ పన్ను కట్టాల్సిందే. దీన్ని క్యాష్‌ఫ్లో పేజీలో చూపించకపోతే మార్చిలోనో డిసెంబరులోనో ఎక్కడినుంచి కట్టాలో తెలియక అతను వ్యాపారంలోంచి డబ్బు లాగుతాడు, సరిగ్గా అప్పుడే సరఫరాదారుకు చెల్లింపు ఆగుతుంది.

కంపెనీ అయితే ఇంజినీరు జీతం 8 ఖర్చు, అతను కట్టే పన్ను 0.6. మిగిలిన 22 మీద కంపెనీ పన్ను 5.5. మొత్తం 6.1. చేతిలో 16.5 మిగులుతుంది. అదంతా వ్యాపారంలోనే ఉంచితే భాగస్వామ్యం కంటే 1.15 ఆదా.

అదే 16.5 మొత్తం డివిడెండ్‌గా పంచితే? చెరి 8.25. ఇంజినీరుకు దాదాపు 1.84, ఉద్యోగికి 2.89 పన్ను. అంతా కలిపి 10.8 దాటుతుంది. భాగస్వామ్యం కంటే మూడున్నర ఎక్కువ.

ఈ రెండింటి మధ్య ఎక్కడో సమానమయ్యే చోటు ఉండాలి. పంచిన ప్రతి 1కి ఇద్దరి మీదా కలిపి సగటున 27.5 పైసల వంతు పన్ను పడుతోంది, ఎందుకంటే సగం 20 శాతం స్లాబులో, సగం 35 శాతం స్లాబులో ఉంది. 1.15ను 0.275తో భాగిస్తే దాదాపు 4.2. అంటే 16.5లో పావు వంతు దాటి పంచారంటే పన్నులో కంపెనీకి నష్టం, అంతలోపు ఆగితే లాభం. "కంపెనీకి పన్ను తక్కువ" అనే మాట కంటే ఈ 4.2 అనే ఒక్క అంకె ప్లాన్‌లో ఎంతో పనికొస్తుంది. ఆ ఏడాది రెండో బృందానికి వ్యాను, పనిముట్లు కొనడానికి వాళ్లకు 12 కావాలి. కాబట్టి పంచగలిగేది 4.5 లోపే, సమానమయ్యే చోటుకు అటూ ఇటూగా ఉంటుంది.

ఇప్పుడు నడిపే ఖర్చు కలపాలి. కంపెనీకి ఆడిట్, వార్షిక రిటర్నులు, బోర్డు రికార్డులు కలిపి ఏడాదికి 1.5 అనుకుందాం. భాగస్వామ్యానికి 0.4. తేడా 1.1. లాభం పూర్తిగా అట్టిపెట్టినా పన్ను ఆదా 1.15, అదనపు ఖర్చు 1.1. మిగిలింది ఏమీ లేదు.

మొదటి ఏడాది నష్టం సంగతి కూడా చూడాలి. భాగస్వామ్యంలో 6 నష్టంలో సగం, 3, ఉద్యోగి తన జీతం ఆదాయంలోంచి తగ్గించుకునే వీలుంటే 35 శాతం లెక్కన ఆ ఏడాదే 1.05 మిగులుతుంది. అందరికీ ఆ వీలుండదు. పనిలో పాలుపంచుకోకుండా డబ్బు మాత్రమే పెట్టినవాళ్లకు కొన్ని దేశాలు దీన్ని కట్టడి చేశాయి. కంపెనీలో నష్టం కంపెనీలోనే ఉండిపోయి, రాబోయే లాభాల్లో సర్దుబాటవుతుంది. మధ్యలో షేర్లు ఎక్కువగా చేతులు మారితే ఆ సర్దుబాటు హక్కు కొన్నిచోట్ల పోతుంది కూడా.

నాలుగో అడుగు: తేల్చుకోవడం

ఇప్పుడు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. ఈ వ్యాపారంలో పన్ను అటూ ఇటూ సమానం. బాధ్యతలో మాత్రం 42కి, 12.5కి తేడా ఉంది. అదీ తన చేతిలో లేని పనికి ఉద్యోగి మోయాల్సిన భారం. కాబట్టి వీళ్లకు కంపెనీ సరైనది, పన్ను కోసం మాత్రం కాదు.

లెక్క వేరేగా ఉంటే జవాబూ వేరే. ఇదే ఇంజినీరు ఒంటరిగా, డిజైన్లు గీసి సలహాలు మాత్రమే ఇస్తూ, అడ్వాన్సులు తీసుకోకుండా, అప్పు లేకుండా, వచ్చిందంతా ఇంటికి వాడుకుంటూ ఉంటే చెడ్డ రోజు లోటు దాదాపు సున్నా. వృత్తి ఇన్సూరెన్స్ తీసుకుని సొంత వ్యాపారంగా మొదలుపెట్టడమే మేలు. ఇద్దరూ పనిచేసేవాళ్లే అయి, ఆస్తిపాస్తులు సమానంగా ఉండి, అప్పు తక్కువగా ఉండి, లాభమంతా పంచుకునే ఉద్దేశం ఉంటే రాతపూర్వక ఒప్పందంతో భాగస్వామ్యం సరిపోతుంది. పరిమిత బాధ్యత భాగస్వామ్యం కూడా ఒకటుంది. బ్రిటన్‌లో 2000లో, భారత్‌లో 2008లో దానికి చట్టాలొచ్చాయి. మీ దేశంలో ఉంటే అదే కాగితం మీద దానికీ ఒక వరస వేసి చూడండి.

కంపెనీ అని తేలాక ఇంకో రెండు విషయాలు మిగులుతాయి. మొదటిది, ఉద్యోగి పెట్టే 30 అంతా షేర్లుగా పెట్టాలా? సాలమన్ చేసినట్టు కొంత అప్పుగా ఇస్తే, కంపెనీ నిలదొక్కుకున్నాక పన్ను లేకుండా అసలు వెనక్కి తీసుకోవచ్చు. డివిడెండ్ రూపంలో తీసుకుంటే పన్ను పడుతుంది. అయితే బ్యాంకు తన అప్పు తీరేదాకా ఆ అప్పు తిరిగి ఇవ్వకూడదని షరతు పెట్టవచ్చు. 10 షేర్లుగా, 20 అప్పుగా పెడితే ఇంజినీరు 5తో సగం షేర్లకు దగ్గరగా రావడం కూడా సులువవుతుంది.

రెండోది సగం సగం వాటా. ఇద్దరూ ఒప్పుకోకపోతే ఏ నిర్ణయమూ కదలదు. ఒకరు తమ వాటాకు ధర చెబితే, ఆ ధరకు రెండోవాళ్లు కొనాలి లేదా తమది అమ్మాలి అనే షరతు చాలామంది పెట్టుకుంటారు. ఇక్కడ అది న్యాయంగా పనిచేయదు. డబ్బున్నవాడే ఎప్పుడూ కొంటాడు. బయటి అకౌంటెంటు ధర కట్టి, మూడేళ్ల వాయిదాల్లో చెల్లించే పద్ధతి ఇంజినీరుకు నయం.

అయిదో అడుగు: ప్లాన్‌లో రాయడం

ఈ భాగం ఒక పేజీ మించకూడదు. ముందు నిర్ణయం, తర్వాత దానికి కారణమైన అంకె, ఆ తర్వాత మిగిలిపోయిన ముప్పు. ఇలా రాయవచ్చు:

"మేము ప్రైవేట్ కంపెనీగా నమోదవుతాం. బాకీలు ఎక్కువగా ఉండే నెలలో వ్యాపారం ఆగిపోతే ఆస్తి అమ్మగా ఇంకా 42 లక్షల లోటు ఉంటుందని అంచనా. అందులో 22 లక్షలు బిగింపు పనిలో ప్రమాదం వల్ల వచ్చేవి. భాగస్వామ్యమైతే ఇదంతా పనిలో లేని భాగస్వామి ఇంటి మీదికి వస్తుంది. కంపెనీగా ఉంటే మా సొంత బాధ్యత బ్యాంకు హామీ వరకే, గరిష్ఠంగా 20 లక్షలు, ఆస్తి అమ్మకం తర్వాత 12.5 లక్షలు. ఇంజినీరు స్వయంగా చేసే పనికి సంబంధించిన ముప్పు కంపెనీ రూపంతో పోదు, అందుకే ఇన్సూరెన్స్ పరిమితిని 62 లక్షలకు పెంచుతున్నాం. పన్ను విషయంలో ఈ ఎంపిక వల్ల చెప్పుకోదగ్గ ఆదా లేదు. ఏటా 4.2 లక్షలకు మించి డివిడెండ్ పంచితే భాగస్వామ్యం కంటే ఎక్కువ పన్ను కడతాం, కాబట్టి మూడో ఏడాది దాకా 4 లక్షలకు మించి పంచం."

"చెప్పుకోదగ్గ ఆదా లేదు" అని రాయడానికి చాలామంది జంకుతారు. నాకు మాత్రం ఆ వాక్యం ఉన్న ప్లాన్ మీదే నమ్మకం కలుగుతుంది, రాసినవాళ్లు నిజంగా లెక్క వేశారని తెలుస్తుంది.

ఈ పేజీ రాశాక మిగతా పేజీలను దీనితో సరిచూడాలి. లాభనష్టాల పట్టికలో ఇంజినీరు జీతం ఖర్చుగా ఉందా? భాగస్వామ్యం ఎంచుకుని ఉంటే అది లాభ పంపకంలో కనిపించాలి. క్యాష్‌ఫ్లోలో కంపెనీ పన్ను కట్టే నెల, ఆడిట్ ఖర్చు 1.5, పెరిగిన ప్రీమియం ఉన్నాయా? ప్రారంభ ఆస్తి అప్పుల పట్టికలో ఉద్యోగి ఇచ్చిన 20 అప్పుగా, 10 షేర్లుగా విడివిడిగా ఉన్నాయా? డైరెక్టర్ అవసరానికి కంపెనీ ఖాతాలోంచి తీసుకున్న డబ్బుకు జీతమనో డివిడెండ్ అనో అప్పు తిరిగి చెల్లింపనో పేరు లేకపోతే చాలా దేశాల్లో పన్ను అధికారులు దాన్ని డైరెక్టరుకిచ్చిన అప్పుగానో, డివిడెండ్‌గానో లెక్కగట్టి పన్ను వేస్తారు. నెల ఖర్చుల కోసం "అడ్వాన్స్" అని రాసి ఉన్న వరస కనిపిస్తే ముందు దాన్ని సరిచేయండి.

ఆరో అడుగు: మళ్లీ ఎప్పుడు చూడాలి

చిన్నగా సొంత వ్యాపారంతో మొదలుపెట్టి తర్వాత కంపెనీ చేద్దాం అనుకునేవాళ్లు "తర్వాత" అంటే ఎప్పుడో ప్లాన్‌లోనే అంకెతో రాయాలి. మొదటి ఉద్యోగిని తీసుకున్న రోజు, బాకీల లోటు ఇంటి పొదుపును దాటిన నెల, ఏటా లాభంలో సగానికి పైగా వ్యాపారంలోనే ఉంచడం మొదలైన ఏడాది, ఇలా. ఎందుకంటే మార్పు అనేది ఒక్క ఫారంతో అయిపోయే పని కాదు. లైసెన్సులు, షాపు అద్దె ఒప్పందం, కస్టమర్ల ఒప్పందాలు వాటంతట అవే కంపెనీ పేరుకు మారవు. ఒక్కొక్కరి అంగీకారం తీసుకుని మళ్లీ రాయించుకోవాలి. ఆస్తి బదిలీ మీద పన్ను పడవచ్చు. పైగా మారకముందు చేసిన బాకీలకు పాత యజమాని బాధ్యత అలాగే ఉంటుంది.

భాగస్వామ్యం నుంచి ఒకరు తప్పుకున్నప్పుడూ ఇంతే. తప్పుకునే రోజు దాకా ఉన్న బాకీలు అతన్ని వదలవు. తప్పుకున్న సంగతి సరఫరాదారులకు, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి, చట్టం అడిగితే బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే, అతను ఇంకా ఉన్నాడనుకుని అరువిచ్చినవాళ్లు ఆ తర్వాతి బాకీలకు కూడా అతన్నే పట్టుకోవచ్చు. ఆ ఉత్తరాలు ఎవరెవరికి పంపాలో పేర్ల జాబితా ఒప్పందం రాసే రోజే వెనక జతచేసి ఉంచండి. విడిపోయే రోజున ఇద్దరూ కూర్చుని దాన్ని తయారుచేసే పరిస్థితి ఉండదు.